ప్రశ్నావళిలో చేసిన మార్పులు, వాటి కారణాలు

మా ప్రొఫెసరుగారికి ఏదైనా ఒక్క పేజీలో ఉండాలి. "ముందు ఏదైనా చిన్న బడిలో నీ ప్రశ్నావళి వేసి చూడు. ఏం మార్చావో, ఎందుకు మార్చావో ఒక పేజీ రాసుకురా. రెండో పేజీ ఉంటే చదవను" అన్నారు. నేను ఒక పేజీ రాశాను. ఇంగ్లీషులో రాశాను, నా పరిశోధన వ్యాసమంతా ఇంగ్లీషే కనుక. ఎడమవైపు మార్పు, కుడివైపు కారణం. ఆ పేజీలో పట్టనిది ఇన్నాళ్లూ నా దగ్గరే ఉంది. దాన్ని దాచుకోవడం వల్ల ఎవరికీ మేలు జరగలేదు కాబట్టి రాస్తున్నాను.

అప్పటికి నేను కడపలో ఆడపిల్లల బడిలో ఏడేళ్లు పనిచేసి, సెలవు పెట్టి మద్రాసు ట్రైనింగు కాలేజీలో పై చదువు చదువుతున్నాను. యుద్ధం జరుగుతున్న రోజులు. కాగితానికి కరువు, కిరసనాయిలుకు కరువు. పన్నెండు నుంచి పదహారేళ్ల పిల్లలు బడి పుస్తకాలు కాక ఇంకేమైనా చదువుతారా, చదివితే వాళ్లచేత ఏది చదివిస్తుంది అన్నది నా విషయం. ప్రొఫెసరుగారి దగ్గర పరదేశపు ప్రశ్నావళి ఒకటి ఉంటే అందులోంచి ఇరవై వాక్యాలు తీసుకుని తెలుగు చేశాను. ప్రతి వాక్యం ఎదుట 'అవును', 'కాదు' అని రెండు గళ్లు. చివర ఒక్క ప్రశ్న మాత్రం నా సొంతం: "బడి పుస్తకాలు కాక వేరేవి నువ్వు ఎందుకు చదువుతావు? నీ మాటల్లో రాయి." దాని కింద ఐదు గీతలు.

ఆ ఐదు గీతల ప్రశ్న చూసి ప్రొఫెసరుగారు మొహం చిట్లించారు. గళ్లయితే లెక్కపెట్టొచ్చు, గీతల మీద రాసినదాన్ని ఎట్లా లెక్కపెడతావు అన్నారు. ఉంచనివ్వండి, ఏం వస్తుందో చూస్తానన్నాను. మొండితనం మా ఇంట్లో అందరికీ ఉంది. నాకు రెండు పాళ్లు ఎక్కువ.

ప్రశ్నావళిని ముందుగా వేసి చూసే పరీక్షకు ఎంచుకున్న బడి ఓర్వకల్లు దాటాక రోడ్డు పక్కన ఉండే మిషను బడి. నాపరాళ్ల కప్పు, నాపరాళ్ల నేల. వెనక కొండరాళ్లు, ముందు జొన్న కోసేసిన చేలు. ఎనిమిదో తరగతిలో ఆడా మగా కలిసి ముప్పై ఒక్కమంది. ఆ బడిని ఎంచుకోవడానికి శాస్త్రీయమైన కారణం ఏదీ లేదు. అక్కడి ఎనిమిదో తరగతి అయ్యవారు మా నాయనకు తెలిసినవారు. అరవైకి దగ్గరపడిన మనిషి, మెడదాకా బొత్తాలు పెట్టిన కోటు, నెత్తిన పాత తలగుడ్డ. బడిలో ఒక బీరువా ఉంటే దాని తాళంచెవి ఆయన మొలతాటికే ఉండేది. అందులో నలభై దాకా పుస్తకాలు, ఎవరో దొర కుటుంబం వదిలేసి పోయిన బొమ్మల పత్రికలు కొన్ని. ఆ పత్రికల్లో బొమ్మల కింద ఒక్కొక్క ముక్క తెలుగు అతికించి ఉండేది, ఆయనే చేతిరాతతో రాసి అంటించినది. అలాంటి మనిషి.

"రా అమ్మా, మీ నాయన జాబు రాసినాడు. ఏం గావల్లో చెప్పు, చేసి పెడతా" అన్నారాయన. ఆయన మాట తప్పలేదు. చెప్పనిది కూడా చేసి పెట్టారు.

కర్నూల్లో సైక్లోస్టైల్ చేయించిన కాగితాలు పంచాను. పైన పేరు, తండ్రి పేరు, వయసు. సిరాతోనే రాయాలని చెప్పాను. పెన్సిలైతే చెరిపి పక్కవాళ్లది చూసి మార్చేస్తారని నా భయం. కాగితం నెత్తిన నా తెలుగులో ఒక వాక్యం ఉండేది: "మీ జవాబులు ఎవరూ చూడరు, నిజం రాయండి." దాన్ని పైకి చదివి వినిపించి, నోటితో కూడా చెప్పాను. అరగంట పడుతుందని నా అంచనా.

మొదటి పది నిమిషాల్లోనే నా ప్రశ్నావళికి ఎక్కడెక్కడ చిల్లులున్నాయో కనబడింది. "తీరిక వేళల్లో చదవడం నాకు ఇష్టం" అన్నదానికి అందరూ 'కాదు' మీద గీత పెట్టారు. వాళ్లకు చదవడం ఇష్టం లేదేమోనని మనసు చివుక్కుమంది. అడిగితే ఒక పిల్లవాడు, "మాకు తీరిక యాడుంటాది టీచర్? బడి ఇడిసినాక మేకలుండాయి" అన్నాడు. వాక్యంలో చదవడం మీద ప్రశ్న వేశాననుకున్నాను, వాళ్లు తీరిక మీద జవాబు చెప్పారు. "పడుకునే ముందు పక్కలో చదువుతాను" అన్నది ఇంకో వాక్యం. నూనె దీపం పక్క దాకా తెచ్చుకునే ఇల్లు ఆ తరగతిలో ఒక్కటీ లేదు. ఆ వాక్యం మద్రాసులో కూర్చుని అనువదిస్తున్నప్పుడు నాకే అనుమానం రావలసింది. నేను పుట్టిన ఇంట్లోనూ దీపం నడి ఇంట్లోనే ఉండేది.

"నేను కథలూ వార్తాపత్రికలూ చదువుతాను" అన్నదానికి సగంమంది రెండు గళ్లలోనూ గీత పెట్టారు. కథలకు అవును, పత్రికలకు కాదు. రెండు ప్రశ్నలను ఒక వాక్యంలో కట్టిన తెలివి నాది, రెండు జవాబులు రాసిన తెలివి వాళ్లది. "చదవడం మంచి అలవాటు అని నమ్ముతాను" అన్నదానికి మొత్తం తరగతి అవును. అందరూ ఒకే జవాబు చెప్పే ప్రశ్నతో ఒకరికీ ఇంకొకరికీ తేడా తెలియదు. అది అయ్యవారికి నమస్కారం చెప్పించడం లాంటిది. అదీ కొట్టివేయాలని రాసుకున్నాను. అసలు అవునూ కాదూ తప్ప గళ్లు లేకపోవడం వల్ల, అప్పుడప్పుడు చదివే పిల్ల ఎటూ పోలేక గీతను నడిమి గోడ మీద పెట్టింది. 'ఎక్కువగా', 'అప్పుడప్పుడు', 'ఎప్పుడూ లేదు' అని మూడు గళ్లు కావాలి.

ఇవన్నీ ఆ ఒక్క పేజీలో ఉన్నాయి. ఇంతవరకూ రాయడానికి నాకు చెయ్యి బాగానే ఆడింది.

చివరి వరసలో గోడకు ఆనుకుని ఒక పిల్ల కూర్చుని ఉంది. పద్నాలుగేళ్లుంటాయి. ఇరవై వాక్యాలకూ గబగబా గీతలు పెట్టేసి, ఐదు గీతల దగ్గర ఆగిపోయింది. పాళీ సిరాబుడ్డిలో ముంచుతుంది, తీస్తుంది, మళ్లీ ముంచుతుంది. నేను పక్కకు వెళ్లి నిలబడితే తలెత్తి అడిగింది.

"ఇది ఎవురికి చూపిస్తారు టీచర్?"

"ఎవరికీ చూపించను. నేనొక్కదాన్నే చూస్తాను."

"మా అయ్యవారు?"

"ఆయన కూడా చూడరు."

నన్ను కాసేపు చూసింది. తర్వాత రాయడం మొదలుపెట్టింది. నాకు సంతోషమేసింది, అది దాచడం ఎందుకు. ప్రొఫెసరుగారి గళ్లకు అందనిదేదో నా గీతల మీదికి వస్తోందని లోలోపల గర్వపడ్డాను. ఆ పిల్ల ఏం రాస్తుందో తొంగి చూడకుండా, మర్యాదగా పక్కకు వచ్చేశాను.

అరగంట అన్నది గంట దాటింది. పాళీ ముంచి రాసే పిల్లలకు ఇరవై ఒక్క ప్రశ్నలు చాలా ఎక్కువని అప్పుడు తెలిసింది. బడి గంట కొట్టారు. సగంమంది ఇంకా పదిహేనో వాక్యం దగ్గరే ఉన్నారు. నేను కర్నూలు పోవాలి, మా పిన్నమ్మ ఇంట్లో బస. ఉన్నది ఒకే ఒక బొగ్గు బస్సు. వెనక పొయ్యి రాజేసుకుని ఎప్పుడొస్తుందో తెలియదుగానీ, వచ్చిందంటే నిలబడదు. దాని మోత రోడ్డు మీద వినబడుతోంది. అయ్యవారితో, "వీళ్లను పూర్తి చెయ్యనివ్వండి, అన్నీ మీ దగ్గరే ఉంచండి. రేపు పొద్దున వచ్చి తీసుకుంటాను. పిల్లలతో మాట్లాడి ఏ వాక్యం ఎట్లా అర్థమైందో అడుగుతాను" అని చెప్పి పరుగెత్తాను. ఇంకేమీ చెప్పలేదు. ప్రశ్నావళి పిల్లలకు ఎట్లా చెప్పాలో రాసుకున్నాను. అది చేతిలో పెట్టుకునే పెద్దమనిషికి ఏం చెప్పాలో ఒక్క ముక్క రాసుకోలేదు.

మరుసటి పొద్దున అయ్యవారు కట్ట చేతికిచ్చారు. కొసలు సరిచేసి, నూలుదారంతో కట్టి ఉంది. పై కాగితం మీద అడుగున ఒక నల్లటి వేలిముద్ర. దాని కింద కాగితానికీ ఉంది. మూడోదానికి సంతకం.

"ఇవేంటండీ?" అన్నాను.

"తల్లిదండ్రుల నిశానీలు. నువ్వు మరిచిపోయినట్టుండావు, కింద చోటు గూడ ఇడిసినావు కదా. నేనే ఇండ్లకు పంపించి ఏపించినా. మద్రాసులో పెద్దోళ్లు చూసే కాయితాలు, నిశానీ లేకుంటే చెల్లవని ఎనక్కి పంపుతారు గదమ్మా."

ఆ బడిలో గళ్లున్న కాగితం ఏదైనా ఇంటికి పోయి నిశానీ వేయించుకుని రావాలి. మార్కుల కార్డు అట్లాగే పోతుంది, మశూచి టీకాల కాగితం అట్లాగే పోతుంది. ముప్పై ఏళ్లుగా అదే రివాజు. నా కాగితం మీద పేరుంది, తండ్రి పేరుంది, గళ్లున్నాయి, అడుగున రెండంగుళాల ఖాళీ ఉంది. ఆయన తప్పుగా అర్థం చేసుకున్నది ఏమీ లేదు.

"మీరు చదివారా?" అన్నాను.

ఆయన నొచ్చుకున్నారు. "నేనెందుకు చదువుతా? ఎవురూ చూడరని నువ్వు చెప్పింది నేనూ విన్నా. ఒక్క అక్షరం చూడలేదు. మడిచి పంపినా, మడిచినట్టే తీసుకున్నా." నిజమే చెప్పారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. తర్వాత ఏదో గుర్తొచ్చి, "వెనకవరస పిల్ల ఒకతె మాత్రం, నాది ఈడనే పెట్టుకోండి అయ్యవారూ అని బతిమాలింది. అందరికీ ఒకటే రూలు, నీకు వేరే రూలు ఉండాదా అని పంపించినా" అన్నారు.

కట్ట విప్పి లెక్కపెట్టాను. ముప్పై ఉన్నాయి. గోడ పక్కన ఆ పిల్ల చోటు ఖాళీగా ఉంది.

అప్పటికింకా నాకు ఏమీ తెలియదు. ఏదో తెలుస్తుందని మాత్రం తెలుసు. పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి, ఈ వాక్యం చదివితే నీకేమనిపించింది అని అడుగుతూ పుస్తకంలో రాసుకున్నాను. ఆ రాతంతా ఇప్పుడు చూస్తే గుండ్రంగా, ముత్యాల్లా ఉంటుంది.

పిల్లలు సద్దులు విప్పే వేళకు ఒకావిడ వచ్చింది. రోడ్డు పనిలో కంకర కొట్టే మనిషి. చేతులకు గుడ్డపీలికలు చుట్టుకుని ఉంది, అవి విప్పకుండానే వచ్చింది. వసారా మెట్టు దగ్గర నిలబడి, "బిడ్డలచేత రాయించినామె ఎవురు?" అని అడిగింది. నేనేనని చెప్పాను. ఆమె కొంగులోంచి నా కాగితం తీసింది. దానితోపాటు ఒక పాత కవరు కూడా.

కాగితం మీద ఐదు గీతలూ నిండి ఉన్నాయి. వాటి మీద అడ్డదిడ్డంగా సిరాగీతలు కొట్టి ఉన్నాయి. ఇంటికి పోతూ దారిలో ఎక్కడో కూర్చుని కొట్టేసి ఉండాలి. కానీ కింద రాత కనబడుతూనే ఉంది. సిరా రాతను సిరాతో కొట్టేస్తే అంతే. నేను చదివాను. ఆ పిల్ల ఇట్లా రాసింది:

"మా అన్న బొంబాయి నుంచి రాసే జాబులు మా అమ్మకు చదివేదానికి చదువు నేర్చినాను. ఇప్పుడు జాబులు రావు. అన్న చచ్చిపోయినాడని వచ్చిన జాబు నా దగ్గర ఉండాది. అమ్మకు చదవలేదు. పాత జాబులు పట్టుకోని కొత్తవి అని చదువుతాండాను. బొంబాయిలో ఏముంటాదో తెలీకపోతే చదివేదానికి రాదు. అందుకని అయ్యవారి బీరువాలో బొమ్మల పుస్తకాలు చదువుతాండాను."

అడుగున వేలిముద్ర లేదు.

ఆమె చెప్పుకుంటూ పోయింది, గొంతు పెంచలేదు. వాళ్లాయన ఒకప్పుడు ఎవరో చదివి చెప్పినదాన్ని నమ్మి కాగితం మీద వేలు అద్దాడు. ఉన్న రెండెకరాల మెట్ట పోయింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఒక కట్టడి ఉంది: వేలు వెయ్యమని కాగితం ఎవరు తెస్తే వాళ్లచేత చదివించుకోకూడదు, వేరేవాళ్లచేత చదివించుకోవాలి. కన్నకూతురు తెచ్చినా అంతే. నిన్న సాయంత్రం కూతురు, ఏమీలేదమ్మా, వేలు వెయ్యి అంది. ఆమె తీసుకుని గుడిసె పక్కనే ఉండే ఉపదేశి దగ్గరకు పోయింది. మా క్రైస్తవ సంఘాల్లో పల్లె పల్లెకూ ఉండి, ఆదివారం వాక్యం చదివి, మిగతా రోజుల్లో జనం జాబులు చదివిపెట్టే మనిషి ఉపదేశి. ఆయన వాకిట్లో కూర్చున్న నలుగురి ముందు, రోజూ చదివే గొంతుతోనే, కొట్టేసినది కూడా కూడబలుక్కుని చదివేశాడు. సగం చదివాక ఆగాడట. సగానికే ఆమెకు కావలసినంతా వినబడింది.

"ఈ కవరు చూరులో దొరికింది. ఇది ఆయప్ప కాడికి తీసకపోలేదు. ఊరి ముందర ఒకసారి సదివింది సాలు. నువ్వు సదువమ్మా" అంది.

విప్పాను. ఎనిమిది నెలల కిందటి జాబు. ఇంటికైతే చేరదని బడి పేరు మీద వచ్చింది. కొడుకుతోపాటు రేవులో మూటలు మోసే పక్క ఊరి మనిషి రాసినది. జ్వరం వచ్చింది, పది దినాలు ధర్మాసుపత్రిలో ఉన్నాడు, పోయాడు, మన మనుషులమే నలుగురం కలిసి పాతిపెట్టాము, వాని పెట్టె నా దగ్గర ఉంది, వచ్చినప్పుడు తెస్తాను. చివర ఒక వాక్యం: మీ అమ్మకు నిదానంగా చెప్పు.

ఉన్నది ఉన్నట్టు చదివాను. ఒక్క అక్షరం వదల్లేదు, ఒక్క అక్షరం కలపలేదు. నాకు చేతనైంది అదొక్కటే.

ఆమె మెట్టు మీద కూర్చుంది. చేతికి చుట్టిన పీలిక ఒకటి విప్పి మళ్లీ చుట్టుకుంది. తర్వాత అడిగింది.

"పోయిన నెల ఒక జాబు సదివింది. సముద్రం కాడికి పోయి నిలబన్నాననీ, నీళ్లొచ్చి కాళ్లకు తగిలి మళ్లా పోయినాయనీ, అమ్మా నువ్వుంటే భయపడిందువనీ. అది ఏ కాయితంలో ఉండాది?"

"ఏ కాయితంలోనూ లేదమ్మా."

"అయితే అది దాని మాటే." "శానా బాగుండె ఆ జాబు" అంది. "నా కొడుకు దుడ్లు పంపేవాడు కాదు. మాట పంపేవాడు. రెండు మాటలు, కుశలమే, దిగులు పడొద్దు. ఈ ఎనిమిది నెలల్లోనే అంతంత పొడుగు పంపించినాడు. పట్నం నేర్పించిందిలే అనుకున్నా."

వెనక అయ్యవారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. ఆ కవరును ఆ పిల్ల చేతికి అందించింది తానేనని ఆయనకు అప్పుడే గుర్తొచ్చినట్టుంది. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఆయన బట్టతల చూడడం నాకదే మొదలు. నేను ఆయన్ను తప్పుపట్టలేదు. అడుసు తొక్కింది నేను, కాలు కడుక్కొమ్మని ఆయనకు చెప్పడం ఎందుకు?

ఆమె లేచింది. "నేను దాన్ని ఒక మాట అనలేదు. కొట్టలేదు. బడికి పొమ్మంటే పోనంటాది. రాత్రినుంచి గోడ తట్టు తిరిగి కూసోనుండాది. నువ్వు రాయమంటే రాసింది కదా, నువ్వు రమ్మంటే వస్తాదేమో, వచ్చి చెప్పమ్మా" అంది. కవరు కొంగులో కట్టుకుంది. నా కాగితం నా చేతికే ఇచ్చింది.

వెళ్లాను. పల్లె బడికి అర మైలు ఉంటుంది. పిల్ల అప్పటికి గోడ దగ్గర లేదు. వాకిట్లో కూర్చుని చేటలో కొర్రలు చెరుగుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది, బడిలో నిలబడినట్టే. వాళ్లమ్మ లోపలికి పోయింది, మాట్లాడుకోనివ్వాలని.

తప్పు నాది అన్నాను. నీ కాగితం నేనే పట్టుకుని పోవలసింది, బస్సు కోసం వదిలేసి పోయాను అన్నాను. అయ్యవారికి తెలియక పంపారు అన్నాను. నువ్వు బడి మానొద్దు అన్నాను. చాలానే అన్నాను. ఆ పిల్ల అంతా విన్నది. విని, నన్ను నిందించే గొంతుతో కాదు, లెక్కలో ఎక్కడ తప్పిందో అడిగే గొంతుతో అంది:

"ఎవురూ చూడరంటిరి కదా టీచర్."

చేతిలో ఉన్న ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాను.

ఆ పిల్ల లోపలికి పోయి ఒక పత్రిక తెచ్చి నా చేతిలో పెట్టింది. అయ్యవారి బీరువాలోది. బొంబాయి రేవు బొమ్మ ఉన్న పేజీ కొస మడిచి ఉంది. బొమ్మ కింద అయ్యవారి చేతిరాతతో రెండు పంక్తులు: ఇది సముద్రము, ఓడలు ఇచ్చట ఆగును. "ఇది అయ్యవారికి ఇయ్యండి. నాకు ఇంక పనిలేదు" అంది. మళ్లీ కూర్చుని చేట తీసుకుంది.

పత్రిక బడిలో ఇచ్చేసి రోడ్డు మీదికి వచ్చాను. ఏడుపు వస్తుందేమోనని నిలబడ్డాను. బస్సు వచ్చింది. ఎక్కాను. కర్నూలు దాకా బొగ్గుపొగ కళ్లలో పడుతూనే ఉంది, కళ్లు మండాయి గానీ ఏడుపు మాత్రం రాలేదు. ఒళ్లంతా మొద్దుబారి, పళ్ల డాక్టరు సూది వేసిన దవడలా ఉండింది. అట్లా చాలా రోజులుంది. భోజనం చేశాను, నిద్రపోయాను, లెక్కలు వేశాను. మూడు నెలల తర్వాత అసలు పరీక్ష మొదలుపెట్టడానికి అదే రోడ్డున పోయినప్పుడు కంకర కొట్టే ఆడవాళ్లు వరసగా కూర్చుని కనిపించారు. ఆ వరసలో చిన్నపిల్లలెవరైనా ఉన్నారేమోనని చూడాల్సింది. చూడలేదు. ఆ పిల్ల బడికి రావడం లేదని అయ్యవారు తర్వాత మా నాయనకు రాశారు. బీరువా తాళం ఇప్పుడు వెయ్యడం లేదని కూడా రాశారు.

పేజీ సంగతి చెప్పి ముగిస్తాను. మద్రాసు వెళ్లాక ఆ పేజీ రాశాను. ఇరవై వాక్యాలను పన్నెండుకు కుదించాను: వ్యవధి సరిపోలేదు. పేరు, తండ్రి పేరు తీసేసి వరస సంఖ్య పెట్టాను: జవాబులు ఎవరివో తెలియకుండుటకు. సిరా బదులు పెన్సిలు: విద్యార్థి తన జవాబును పూర్తిగా చెరుపుకొనే వీలు ఉండుటకు. కాగితాలను పరిశోధకురాలు స్వయంగా పంచి, అదే గదిలో, అదే గంటలో తీసుకొనవలెను: పరీక్షలో కాగితాలు గది దాటినవి. అడుగున ఖాళీ లేకుండా చివరి గీతను కాగితం అంచు దాకా దించాను: ఇతర గుర్తులకు చోటు లేకుండుటకు. ఒక కాగితం కొట్టివేతలు ఉన్నందున లెక్కలో చేర్చలేదు. ఈ చివరి వాక్యం రాస్తుంటే చేతికి ఏమీ కాలేదు. రూలు అదే. కొట్టివేతలున్న కాగితాన్ని ఎవరైనా అట్లాగే తీసేస్తారు.

ఐదు గీతల ప్రశ్న మాత్రం ఉంచాను. ఉంచే హక్కు నాకు లేదని ఒక మనసు, తీసేస్తే ఆ పిల్ల రాసినదాన్ని రెండోసారి కొట్టేసినట్టని ఇంకో మనసు. ఉంచినందుకు ఫలితం ఏమీ లేదు. అసలు పరీక్షలో ఎక్కువమంది పిల్లలు ఆ గీతలను ఖాళీగా వదిలేశారు. రాసినవాళ్లలో చాలామంది జ్ఞానం కొరకు అని రాశారు.

వాళ్లు ఎందుకు వదిలేశారో ప్రొఫెసరుగారికి వెంటనే దొరికింది. వ్యాసంలో చేర్చడానికి ఆ పేజీ మళ్లీ తిరగేస్తుంటే ఒక మార్పు ఆయన కంట్లో పడింది: కాగితం నెత్తిన ఉన్న వాక్యం, "మీ జవాబులు ఎవరూ చూడరు, నిజం రాయండి" అన్నది, తీసేశాను. "అది తీసేస్తే పిల్లలు మనసు విప్పరు. ప్రతి ప్రశ్నావళిలోనూ ఉంటుందే. ఎందుకు తీశావు?" అని అడిగారు. కారణం గడిలో రాశానండీ అన్నాను. అందులో, అది నిజం కాదు కనుక అని ఉంది.

ఆయన చదివారు. కోపగించుకోలేదు, మంచివారే. అది కారణం రాసే పద్ధతి కాదని, ఎర్ర సిరాతో కొట్టేసి, పైన 'అనవసరం' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట ఒకటి రాసి ఇచ్చారు. నేను అట్లాగే టైపు చేయించాను. కాలేజీ లైబ్రరీలో ఉన్న నా వ్యాసం ప్రతిలో ఇప్పటికీ అట్లాగే ఉంది.